గుంతలో కేబుల్ తెగి బ్రాంచ్‌లో నెట్ పోతే: ఏ పని ముందు, ఏ పని తర్వాత

తిరుపతి, చిత్తూరు చుట్టుపక్కల ఎనిమిది బ్రాంచీల నెట్‌వర్క్ నేను చూసుకుంటాను. అన్నీ బంగారం మీద అప్పులిచ్చే ఒకే సంస్థవి. మోడెమ్ పాడైతే మారుస్తాం, కరెంటు పోతే యూపీఎస్ ఉంది. రోడ్డు తవ్వేవాళ్లు ఫైబర్ తెంపితే మాత్రం ఆ రోజంతా పోయినట్టే. అయితే పని సరైన వరుసలో చేస్తే అందులో రెండు మూడు గంటలు మిగుల్చుకోవచ్చు. నిరుడు కార్తీకమాసంలో కరకంబాడి రోడ్డులోని మా బ్రాంచ్‌లో జరిగింది పక్కన పెట్టుకుని ఆ వరుస చెబుతాను.

ముందు దీపాలు చూడండి

ఉదయం 10:44కు కౌంటర్‌లో అమ్మాయి ఫోన్ చేసింది. "సార్, లోన్ స్క్రీన్ తిరుగుతానే ఉంది." నేను అడిగింది ఒక్కటే: మోడెమ్ మీద ఎల్‌ఓఎస్ దీపం ఎలా ఉంది? ఎర్రగా కొట్టుకుంటోంది అంది. `PON` అని రాసి ఉన్న పాన్ దీపం ఆరిపోయింది.

ఎర్ర దీపం చెప్పేది ఒక్కటే: ఫైబర్ దారంలోంచి వెలుగు రావడం లేదు. ఎందుకు రావడం లేదో అది చెప్పదు. కారణాలు మూడు ఉండొచ్చు. ఆఫీసు లోపలే సన్నని పసుపు ప్యాచ్ కార్డ్ మడతపడి ఉండొచ్చు, ఎలుక కొరికి ఉండొచ్చు. బయట కేబుల్ తెగి ఉండొచ్చు. లేదా కంపెనీ వాళ్ల వైపు యంత్రానికి కరెంటు పోయి ఉండొచ్చు. ఎర్ర దీపం లేకుండా పాన్ దీపం నిలకడగా వెలుగుతూ నెట్ మాత్రం రాకపోతే అది కేబుల్ గొడవ కాదు, లాగిన్‌దో కంపెనీ సర్వర్‌దో. అప్పుడు రోడ్డు మీదకు వెళ్లి వెతకడం దండగ. లీజ్‌డ్ లైన్‌కు మీడియా కన్వర్టర్ పెట్టుకున్నవాళ్లు ఎఫ్‌ఎక్స్ దీపం చూడాలి. అది ఆరిందంటే వెలుగు రావడం లేదనే అర్థం.

లోపలి తీగ ఒకసారి కంటితో చూసుకోండి. దాని కొన పీకి కంటికి ఎదురుగా పెట్టుకోవద్దు. అందులో వచ్చే లేజర్ వెలుగు కంటికి కనబడదు కానీ హాని చేస్తుంది. తర్వాత ఒక కంప్యూటర్‌లో ఈ రెండూ కొట్టండి:

```
ping 192.168.1.1
ping 8.8.8.8
```

మొదటిది మీ రౌటర్ చిరునామా, మీ ఆఫీసులో వేరేదైతే అది కొట్టండి. దానికి జవాబు వచ్చి రెండోదానికి రాకపోతే లోపలి నెట్‌వర్క్ బాగుందన్నమాట. ఆ తర్వాత పక్క షాపులో అదే కంపెనీ కనెక్షన్ ఉందేమో అడగండి. మా పక్క మెడికల్ షాపులోనూ ఎర్ర దీపమే. కరెంటు మాత్రం వీధంతా ఉంది. అనుమానం బయటి కేబుల్ మీదకు పోయింది. ఇదంతా ఐదారు నిమిషాల పని.

మోడెమ్‌ను ఒక్కసారి ఆపి ఆన్ చేయండి, చాలు. వెనక చిన్న రంధ్రంలో పిన్ను పెట్టి నొక్కే రీసెట్ జోలికి ఎవరినీ పోనివ్వొద్దు. మా ఇంకో బ్రాంచ్‌లో సెక్యూరిటీ అన్న మంచి మనసుతోనే ఆ పని చేశాడు. సెట్టింగులన్నీ చెరిగిపోయాయి. సాయంత్రం ఫైబర్ కలిసినా ఆ బ్రాంచ్‌కు నెట్ వచ్చింది మర్నాడు మధ్యాహ్నానికి.

వెతకడానికి బయల్దేరే ముందే కంప్లయింట్ రాయించండి

చాలామంది ముందు రోడ్డు మీదకు పరుగెత్తుతారు. గుంత కనబడ్డాక ఫోన్ చేద్దామనుకుంటారు. చాలా ఒప్పందాల్లో నెట్ పోయిన సమయం ఎర్ర దీపం వెలిగినప్పటి నుంచి కాకుండా కంప్లయింట్ నంబర్ పుట్టినప్పటి నుంచి లెక్కిస్తారు. అందుకే దీపాలు చూడగానే ఫోన్ చేయాలి. మాకు 10:52కు నంబర్ వచ్చింది.

ఫోన్ చేసేటప్పుడు చేతిలో ఉండాల్సింది సర్క్యూట్ ఐడీ, అంటే మన లైన్‌కు కంపెనీ ఇచ్చిన గుర్తింపు నంబర్. అది మెయిల్‌లోనో ఆన్‌లైన్ షీట్‌లోనో ఉంటే నెట్ పోయినప్పుడు చేతికి అందదు. మా ప్రతి బ్రాంచ్‌లో మోడెమ్ పక్క గోడకు ఒక కాగితం అంటించి ఉంటుంది. సర్క్యూట్ ఐడీ, రిజిస్టర్ అయిన మొబైల్ నంబర్, కంపెనీ హెల్ప్‌లైన్, స్థానిక లైన్‌మ్యాన్, అతని పై సూపర్‌వైజర్, ఆ పైన ఏరియా మేనేజర్ నంబర్లు దాని మీదే ఉంటాయి. ఇంకో అంకె కూడా రాసి పెడతాను, దాని సంగతి చివర్లో చెబుతాను.

హెల్ప్‌లైన్‌లో మొదటి ప్రశ్న ఎప్పుడూ ఇదే: "మీ దగ్గర పవర్ ఉందా సార్?" విసుక్కోకుండా ఇలా చెప్పండి: "పవర్ ఉంది, ఒకసారి రీస్టార్ట్ చేశాం, ఎల్‌ఓఎస్ ఎర్రగా ఉంది, పక్క కనెక్షన్లు కూడా పోయాయి. మీ వైపు అలారంలో డయింగ్ గ్యాస్ప్ ఉందో లేదో చూడండి." మోడెమ్‌కు కరెంటు పోతే ఆరిపోయే ముందు అది కంపెనీ యంత్రానికి ఆఖరి సంకేతం ఒకటి పంపుతుంది. దాన్నే డయింగ్ గ్యాస్ప్ అంటారు. ఆ సంకేతం లేకుండా ఒకే కోర్, అంటే కేబుల్ లోపలి ఒకే దారం మీదున్న కనెక్షన్లన్నీ ఒక్కసారిగా పోయాయంటే కేబుల్ తెగిందని వాళ్లకు కుర్చీలోంచి లేవకుండానే తెలుస్తుంది. ఈ ఒక్క మాటతో మన కంప్లయింట్ మోడెమ్ చూసే కుర్రాడికి కాకుండా నేరుగా జాయింట్లు కొట్టే టీమ్‌కు వెళుతుంది. అది పలక్కపోతే ముందు ఒకతను వచ్చి మోడెమ్ చూసి, "కేబుల్ కట్ సార్" అని వెళ్లిపోయి, అప్పుడు రెండో కంప్లయింట్ మొదలవుతుంది.

గుంత దగ్గర

ఇప్పుడు నడవండి. బ్రాంచ్ నుంచి కంపెనీ జంక్షన్ బాక్స్ వైపు కేబుల్ ఏ దారిన పోతుందో తెలిసి ఉండాలి. మాది కొర్లగుంట మీదుగా లీలామహల్ కూడలి వైపు పోతుంది. దాదాపు 600 మీటర్లు నడిచాక కనబడింది. మురుగు పైపు కోసం జేసీబీ తవ్వుతోంది, కందకం అంచున నల్ల కేబుల్ రెండు ముక్కలై వేలాడుతోంది.

ఏ నల్ల తీగనూ చేత్తో పట్టుకోవద్దు. అదే కందకంలో కరెంటు కేబుల్ కూడా ఉండొచ్చు, మట్టిలో రెండూ ఒకేలా కనబడతాయి. దూరం నుంచే ఫోన్‌తో దగ్గరగా లాగి ఫోటో తీయండి. కావాల్సింది తెగిన కొన కాదు, కేబుల్ పై తొడుగు మీది అచ్చు. చాలా కేబుళ్ల మీద యజమాని కంపెనీ పేరు, ఎన్ని కోర్లు, వాటితో పాటు ప్రతి మీటరుకూ ఒక వరుస అంకె ముద్రించి ఉంటాయి. మాకు ఒక ముక్క మీద 3412, ఇంకో ముక్క మీద 3419 కనబడ్డాయి. మధ్యలో ఏడు మీటర్లు జేసీబీ పళ్లకు చిక్కి నలిగి పోయిందన్నమాట. కేబుల్ ఎవరిదో, ఎన్ని కోర్లదో, ఎంత కొత్త ముక్క తేవాలో ఈ రెండు ఫోటోలతో టీమ్‌కు బయల్దేరకముందే తెలిసిపోతుంది. యజమాని పేరు ముఖ్యం, ఎందుకంటే మనకు బిల్లు పంపే కంపెనీ, కేబుల్ వేసిన కంపెనీ వేరు కావచ్చు. అద్దె కోర్ మీద మన లైన్ నడుస్తుంటే జాయింట్ కొట్టాల్సింది ఆ రెండో కంపెనీ మనిషి.

తర్వాత మేస్త్రీతో మాట్లాడాలి. ఇక్కడ కోపం పనికిరాదు. కేబుల్ తెగడం ఒక నష్టమైతే గుంత పూడ్చేయడం ఇంకో నష్టం, ఆ రెండోది ఆపడం ఆయన చేతిలోనే ఉంది.

"అన్నా, కేబుల్ వాళ్లు వస్తా ఉండారు. ఈ కాస్త చోటు మాత్రం పూడ్చొద్దన్నా. అటుపక్క నుంచి చేసుకోండి."

"సాయంత్రానికి పైపు దించేయాలంట సార్. మా సూపర్‌వైజర్‌తో ఒక మాట చెప్పండి."

ఆయన ఫోన్‌లోంచే సూపర్‌వైజర్‌తో మాట్లాడాను. పని ఆపమని అడగలేదు, వరుస మార్చమని అడిగాను. ఒప్పుకున్నాడు. తెగిన కొసలను లాగి ముడి వేయొద్దని, నీళ్లలో పడనివ్వొద్దని కూడా చెప్పి వచ్చాను. పక్కకు తీద్దామనుకుని కూలీలు లాగితే అవతల బాగున్న కేబుల్ కూడా సాగి లోపలి దారాలు తెగుతాయి.

11:20కు కంపెనీ సూపర్‌వైజర్‌కూ హెల్ప్‌లైన్ మెయిల్‌కూ ఈ సందేశం పంపాను:

"కంప్లయింట్ నంబర్ ఫలానా, సర్క్యూట్ ఐడీ ఫలానా. 10:44 నుంచి ఎల్‌ఓఎస్. పవర్ ఉంది. కరకంబాడి రోడ్డు, కొర్లగుంట దగ్గర మురుగు పైపు తవ్వకంలో కేబుల్ తెగింది. మ్యాప్ లొకేషన్, కేబుల్ అచ్చు ఫోటోలు రెండు జత చేశాను. సుమారు 7 మీటర్లు దెబ్బతింది. గుంత తెరిచే ఉంచారు, మా మనిషి అక్కడున్నాడు, నంబర్ ఇది. టీమ్ ఎప్పుడు బయల్దేరుతుంది? కేబుల్ మీదేనా, అద్దెదా?"

చివరి రెండు ప్రశ్నలకు జవాబు వచ్చేదాకా వదలకండి. "చూస్తున్నాం సార్" అన్నది జవాబు కాదు. మాకు గంటలో రాకపోయేసరికి గోడ మీది కాగితంలో తర్వాతి పేరుకు చేశాను. టీమ్ వేరేచోట ఇంకో జాయింట్ మీద ఉందని, అది ముగించి వస్తారని ఆయన చెప్పాడు. అది నిజమైన జవాబు. దాన్నిబట్టి మధ్యాహ్నం దాకా ఆఫీసు ఎలా నడపాలో తేల్చుకోగలిగాను.

ఆఫీసులో ఏవి ఆగాయి, ఏవి ఆగలేదు

నెట్ పోయింది అనగానే అన్నీ పోయాయనుకుని కౌంటర్ మూసేస్తారు. మా బ్రాంచ్‌లో నిజంగా ఆగినవి నాలుగు: హెడ్డాఫీసు సర్వర్‌లో నడిచే లోన్ సాఫ్ట్‌వేర్, ఆధార్ ఓటీపీతో చేసే కేవైసీ, కస్టమర్ ఖాతాకు డబ్బు పంపడం, ఐపీ ఫోన్లు. యూపీఐ సౌండ్‌బాక్స్‌లో సొంత సిమ్ ఉంటుంది కాబట్టి అది మోగుతూనే ఉంది. కార్డు మెషిన్ కూడా సిమ్‌దే. వేలిముద్ర హాజరు యంత్రం లెక్కను లోపలే దాచుకుని నెట్ వచ్చాక పంపుతుంది. ప్రింటర్‌కు బయటి నెట్‌తో పని లేదు.

ఎక్కువ జాగ్రత్త కావాల్సింది సీసీ కెమెరాల దగ్గర. రికార్డింగ్ ఆఫీసు పెట్టెలోనే జరుగుతుంది కాబట్టి అది ఆగదు. హెడ్డాఫీసు నుంచి లాకర్ గదిని చూసే చూపు మాత్రం పోతుంది. బంగారం ఉన్న చోట ఇది చిన్న విషయం కాదు. ఆ సంగతి వెంటనే భద్రతా విభాగానికి ఫోన్‌లో చెప్పి, చెప్పిన సమయం రిజిస్టర్‌లో రాయించాను.

11:35కు 4జీ డాంగిల్ పెట్టాం. ఇక్కడ మూడు ఇబ్బందులు వస్తాయి, ముందే తెలిసి ఉండాలి. మొదటిది, హెడ్డాఫీసు ఫైర్‌వాల్ మన బ్రాంచ్‌ను స్థిరమైన ఐపీ చిరునామాను బట్టి గుర్తుపడుతుంటే మొబైల్ నెట్ మీద హెడ్డాఫీసుతో కలిపే వీపీఎన్ సొరంగం తెరుచుకోదు. మామూలు సిమ్‌లకు సొంత పబ్లిక్ ఐపీ ఉండదు. యూజర్ పేరుతో లాగిన్ అయ్యే వీపీఎన్ ఒకటి కనీసం రెండు కంప్యూటర్లలో ముందే పెట్టి, నెలకోసారి డాంగిల్ మీద నడిపి చూసుకోవాలి. రెండోది, తెగిన కేబుల్ మీదే ఆ కంపెనీ మొబైల్ టవర్ కూడా ఆధారపడి ఉండొచ్చు. అందుకే డాంగిల్ సిమ్ వేరే కంపెనీది ఉండాలి.

మూడోది డేటా. ఒక కెమెరా 2 ఎంబీపీఎస్ వేగంతో పంపితే గంటకు 900 ఎంబీ అవుతుంది. మాకు ఎనిమిది కెమెరాలు, అంటే గంటకు 7 జీబీ పైనే. రోజుకు 2 జీబీ ఇచ్చే సిమ్ అయితే ఇరవై నిమిషాల్లోపే ఖాళీ. కాబట్టి డాంగిల్‌ను మొత్తం నెట్‌వర్క్‌కు తగిలించొద్దు. లోన్ కంప్యూటర్ ఒకటి, డబ్బు పంపే కంప్యూటర్ ఒకటి, అంతే. ఆ రెంటిలోనూ విండోస్ సెట్టింగ్‌లో `Metered connection` ఆన్ చేయండి, లేకపోతే అప్‌డేట్లు దిగిపోతాయి.

ఒక్క కంప్యూటర్ మీద పని నడుస్తున్నప్పుడు ముందు ఎవరికి చేయాలన్నది మేనేజర్ తేల్చాలి. మేం బంగారం విడిపించుకునేవాళ్లకు ముందు చేశాం. చంద్రగిరి నుంచి వచ్చిన ఒక పెద్దామె మనవరాలి పెళ్లికి హారం విడిపించుకోవాలని పొద్దున్నుంచి కూర్చుంది. "కాగితం మీద రాసి ఇచ్చేయండి నాయనా" అని అడిగింది. "అవ్వా, వడ్డీ లెక్క కంప్యూటర్‌లోనే పడాల. పన్నెండు లోపల నీదే మొదట చేస్తాం" అని మా అమ్మాయి చెప్పింది, చేసింది కూడా. సాఫ్ట్‌వేర్‌లో లోన్ ముగియకుండా చేతిరాత రసీదుతో బంగారం ఇవ్వడం ఎంత జాలేసినా చేయకూడదు. కొత్తగా తాకట్టు పెట్టేవాళ్ల పేర్లు, నంబర్లు రాసుకుని సాయంత్రం ఫోన్ చేస్తామని పంపించాం.

జాయింట్ కొట్టేటప్పుడు

టీమ్ 1:40కి వచ్చింది. గుంత తెలుసు కదా, ఇక ఓటీడీఆర్ ఎందుకు అని మా మేనేజర్ అడిగాడు. ఆ యంత్రం దారంలోకి వెలుగు కొట్టి, తిరిగి వచ్చేదాన్ని బట్టి తెగిన చోటు ఎంత దూరంలో ఉందో చెబుతుంది. గుంత తెలిసినా అది కావాలి. జేసీబీ లాగినప్పుడు కేబుల్ పట్టిన చోటే తెగాలని లేదు, నలభై యాభై మీటర్ల అవతల పాత జాయింట్ దగ్గర కూడా ఊడొచ్చు. గుంతలోని రెండు కొసల నుంచి రెండు వైపులా చూశాకే ఇంకో తెగుడు లేదని తేలుతుంది. ఇంకో మాట: ఓటీడీఆర్ చూపే దూరం కేబుల్ పొడవు, రోడ్డు పొడవు కాదు. జాయింట్ల దగ్గర చుట్టలు వదిలి ఉంటారు కాబట్టి రోడ్డు మీద కొలిస్తే అంతకంటే తక్కువే వస్తుంది. గుంత తెలియని రోజున మ్యాప్ మీద దూరం కొలిచి వెతికేవాళ్లు ఇది గుర్తుపెట్టుకోవాలి.

సాగిపోయిన కేబుల్‌ను నేరుగా అతికించరు. నలిగిన భాగం కోసేసి కొత్త ముక్క వేసి, రెండు చివర్లా రెండు జాయింట్లు కొడతారు. మాది 24 కోర్ల కేబుల్, అంటే 48 అతుకులు. తొడుగు వలిచి, తుడిచి, కొన సరిగ్గా కోసి, యంత్రంలో కరిగించి అతికి, స్లీవ్ వేడిచేయడానికి ఒక్కోదానికి మూడు నిమిషాలు వేసుకున్నా 144 నిమిషాలు. మొదటి జాయింట్ పూర్తయినంత మాత్రాన ఎవరికీ నెట్ రాదు. ఈ లెక్క తెలిస్తే "ఇంకా ఎంతసేపు" అని పది నిమిషాలకోసారి అడగం. మన లైన్ ఏ రంగు కోర్ మీద ఉందో తెలిస్తే రెండో జాయింట్‌లో దాన్ని ముందు కలపమని అడగొచ్చు. పక్కన ఆసుపత్రి ఉంటే మాత్రం వాళ్లకే ముందు వదిలేయండి.

మూడున్నరకు చినుకులు పడ్డాయి. తడి తగిలితే అతుకు పాడవుతుంది కాబట్టి అరగంట ఆపేశారు. మా సెక్యూరిటీ అన్న పెద్ద గొడుగు పట్టుకుని నిలబడ్డాడు. టార్పాలిన్ ఒకటి ఇవ్వగలిగితే ఇంకా మేలు.

దీపం పచ్చబడింది, కానీ గుంత ఇంకా పూడ్చొద్దు

5:50కి ఎర్ర దీపం ఆరింది. అందరూ సర్దుకుంటున్నారు. ఇప్పుడే ఒక్క నిమిషం ఆపాలి.

మోడెమ్ పేజీ తెరిస్తే `Rx Power` అని ఒక అంకె కనబడుతుంది. మనకు అందుతున్న వెలుగు ఎంతో అది చెబుతుంది. గోడ కాగితం మీద నేను రాసి ఉంచే ఇంకో అంకె ఇదే. కరకంబాడి రోడ్డు బ్రాంచ్‌ది మామూలు రోజున -19.2 డీబీఎం. ఆ సాయంత్రం -24.6 చూపించింది. మంచి అతుకుకు పోయే వెలుగు 0.1 డీబీ లోపే. రెండు అతుకులకు 0.2 పోవచ్చు, 0.5 అన్నా ఒప్పుకుందాం. మాకు 5.4 పోయింది. ప్రతి 3 డీబీకి వెలుగు సగమవుతుంది, అంటే మాకు అందాల్సినదాంట్లో మూడో వంతు కూడా రావడం లేదు.

నెట్ నడుస్తోంది కదా అనిపిస్తుంది. ఇలాంటి మోడెమ్‌లు మామూలుగా -27, -28 దాకా పట్టుకుంటాయి. కానీ ఆ అంచున ఉన్న లైన్ నాలుగు రోజులు నడిచి, జాయింట్ బాక్స్‌లోకి తేమ దిగగానే మళ్లీ పోతుంది. అప్పటికి గుంత మీద తారు పడి ఉంటుంది. టీమ్ పెద్దాయనకు పాత అంకె, కొత్త అంకె రెండూ చూపించాను. వాదించకుండా బాక్స్ తెరిచాడు. ట్రేలో మా దారం బాగా వంగి ఇరుక్కుని ఉంది, ఒక అతుకు కూడా సరిగ్గా లేదు. మళ్లీ కొట్టారు. 6:20కి -19.6. అప్పుడు ఇది నడిపాను:

```
ping -n 100 8.8.8.8
```

వందకు వంద వచ్చాయి. కంప్లయింట్ మూసేయమని చెప్పాను. జాయింట్ బాక్స్ పాతిన చోటు రోడ్డు మీది కరెంటు స్తంభంతో కలిపి ఫోటో తీసి దాచాను.

మర్నాడు చేయాల్సినవి

మా ఒప్పందంలో నెలకు 99.5 శాతం నెట్ ఉండాలి. 30 రోజుల నెలకు 720 గంటలు, అందులో 0.5 శాతం 3 గంటల 36 నిమిషాలు. 10:52 నుంచి 6:20 దాకా 7 గంటల 28 నిమిషాలు పోయింది. మిగిలిన 3 గంటల 52 నిమిషాలకు బిల్లులో తగ్గింపు అడుగుతూ సమయాలతో మెయిల్ పెట్టాను. అడిగే ముందు ఒప్పందం చదవండి, ఇతరులు తవ్వి తెంపిన కేబుల్‌ను ఈ లెక్కలోంచి తీసేసే షరతు చాలా వాటిలో ఉంటుంది.

తవ్వించే కాంట్రాక్టర్‌కు 'కాల్ బిఫోర్ యు డిగ్' యాప్ సంగతి చెప్పాను. కేంద్ర టెలికాం శాఖ తెచ్చిన ఈ యాప్‌ను 2023 మార్చి 22న ప్రధాని ప్రారంభించారు. తవ్వే చోటు అందులో పెడితే అక్కడ కేబుళ్లు, పైపులు ఉన్న సంస్థలకు ముందే కబురు వెళుతుంది. ఆ సూపర్‌వైజర్ దాని పేరే వినలేదు. ఫోన్‌లో పెట్టించి వచ్చాను.

ఇక రెండో లైన్. వేరే కంపెనీది తీసుకుందామని మేనేజర్ అన్నాడు. సంతకం పెట్టే ముందు ఆ కంపెనీ లైన్‌మ్యాన్‌తో కలిసి కేబుల్ దారి వెంట నడిచాను. కొర్లగుంట దాకా స్తంభాల మీదుగా వచ్చి, అక్కడ నేలలోకి దిగి, మొన్న తెగిన కేబుల్ ఉన్న కాలువలోనే పడింది. ఇంకోసారి జేసీబీ పడితే రెండూ ఒకేసారి పోతాయి. ఆ లైన్ వద్దని, డాబా మీద యాంటెన్నాతో వచ్చే రేడియో లింక్‌కు ధర తెప్పించమని చెప్పాను.